బాడుగ, సరుకులు, పెట్రోలు ఒక్కసారే పెరిగితే: ఇంటి బడ్జెట్‌కు కొత్త బేస్ ఎలా కట్టాలి?

టీవీలో ద్రవ్యోల్బణం నాలుగు శాతం లోపే ఉందంటారు. ఇంట్లో చూస్తే జనవరిలో సరిపోయిన జీతం జూన్‌లో 22వ తేదీకే అయిపోతుంది. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ఎలాగో అర్థమైతే, ఇంటి బడ్జెట్‌ను అక్కడక్కడ సర్దితే సరిపోతుందా, మొత్తం తిరగరాయాలా అన్నది కూడా తేలుతుంది.

## ప్రభుత్వ సూచీ ఒక లెక్క, మన ఇల్లు ఇంకో లెక్క

ప్రభుత్వం చెప్పే అంకె వినియోగదారుల ధరల సూచీ నుంచి వస్తుంది. కుటుంబాలు ఏమేం కొంటాయో, ఎంతెంత కొంటాయో సర్వే చేసి ఒక బుట్ట తయారు చేస్తారు. తర్వాత బుట్టను కదపకుండా ధరలు మాత్రమే మారుస్తూ, దాని ఖరీదు ఎంత పెరిగిందో చూస్తారు. ఏ ఏడాది బుట్టతో, ఏ ఏడాది ధరలతో పోలుస్తున్నారో అదే బేస్. చాలా ఏళ్లు 2012 బేస్‌గా నడిచింది. జనం కొనే తీరు మారిపోయిందని 2024ను బేస్‌గా పెట్టి, 2026 నుంచి కొత్త వరుస మొదలుపెట్టారు.

మన ఇంటి అంకె దీనితో కలవకపోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, ప్రభుత్వం పోలుస్తున్నది నిరుడు ఇదే నెలతో. మనం పోలుస్తున్నది ఐదారు నెలల కిందటితో. రెండోది బాడుగ. పాత వరుసలో పట్టణాల బుట్టలో ఇంటి ఖర్చుకు ఇచ్చిన వాటా 21.67 శాతం. దేశంలో ఒక ఇంటి బాడుగ ఈ నెల పెరిగితే ఇంకో ఇంటిది ఆరు నెలల తర్వాత పెరుగుతుంది. అన్నీ కలిపి సగటు తీస్తే ఆ గీత మెల్లగా పైకి పాకుతుంది. తిరుపతిలో బాడుగకు ఉండే కుటుంబానికి మాత్రం 11 నెలల అగ్రిమెంటు తీరిన రోజున ఒకేసారి వెయ్యి రూపాయలు పెరుగుతుంది.

కాబట్టి ప్రభుత్వ శాతాన్ని తెచ్చి ఇంటి పద్దులన్నింటికీ కలిపేస్తే పనికిరాదు. ఇంటికి సొంత బుట్ట కావాలి.

## ముందు రాయాల్సింది ఎంత కొన్నామో

చాలా ఇళ్లలో నెల లెక్క రూపాయల్లోనే ఉంటుంది: కూరగాయలు 2,400, పెట్రోలు 2,600 అని. తిరగరాయడానికి కూర్చున్నప్పుడు అడ్డం పడేది ఇదే. జూన్‌లో కూరగాయలకు 3,300 అయిందంటే ధర పెరిగిందా, ఎక్కువ కొన్నామా, చుట్టాలు వచ్చి నాలుగు రోజులున్నారా? రూపాయలను బట్టి చెప్పలేం. దీనికి తిరగబడ్డ సందర్భం ఇంకా చిక్కు. పాలు లీటరు నుంచి ముప్పావుకు దిగి, పండ్లు మానేసి, బిల్లు పాత అంకెలోనే నిలబెట్టిన ఇంట్లో ‘మాకేం ఖర్చు పెరగలేదు’ అనిపిస్తుంది. పెరిగింది, తిండిలో కోత పెట్టుకుని కట్టారు, అంతే.

అందుకే బేస్ నెలగా మామూలుగా గడిచిన నెలను తీసుకోవాలి. సంక్రాంతి ఉన్న జనవరి, ఫీజులు కట్టే జూన్ దానికి పనికిరావు. ఆ నెలలో కొన్నవాటి పరిమాణాలు రాసుకోవాలి: బియ్యం బస్తా ఒకటి, కందిపప్పు ఎన్ని కిలోలు, ఉద్దిపప్పు ఎంత, నూనె ఎన్ని ప్యాకెట్లు, పెట్రోలు ఎన్ని లీటర్లు. పాత అంగడి చీటీలు, యూపీఐ చరిత్ర చూస్తే ముప్పావు వంతు దొరుకుతుంది. గ్యాస్ సిలిండర్ ఒక నెల వస్తుంది, ఒక నెల రాదు కాబట్టి దాన్ని రోజులతో భాగించాలి. 14.2 కిలోల సిలిండర్ 40 రోజులు వస్తే నెలకు ముప్పావు సిలిండర్ ఖరీదు వేసుకోవాలి.

ఆ పరిమాణాలను అలాగే ఉంచి ఈ నెల ధరలతో గుణిస్తే, ధర వల్ల పెరిగింది మాత్రమే బయటపడుతుంది.

## ఒక ఇంటి లెక్క

లెక్క కోసం ఒక కుటుంబాన్ని అనుకుందాం. తిరుపతి కొర్లగుంటలో బాడుగ ఇల్లు, ఇద్దరు బడి పిల్లలు. ఆయనకు రేణిగుంట ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఆమె లీలామహల్ దగ్గర బట్టల షాపులో లెక్కలు చూస్తుంది. ఇద్దరి జీతం కలిపి చేతికి వచ్చేది 38,000. రెండు బండ్లు, నెలకు 24 లీటర్ల పెట్రోలు. కింద చివరి నిలువు వరుసలో ఉన్నవి ఫిబ్రవరి పరిమాణాలకు జూన్ ధరలు. వీళ్లు జూన్‌లో నిజంగా పెట్టిన ఖర్చు కాదు.

| పద్దు | ఫిబ్రవరి | జూన్ ధరల్లో |
|---|---|---|
| బాడుగ, నీళ్లు | 8,500 | 9,500 |
| బియ్యం, సరుకులు | 5,650 | 6,450 |
| కూరగాయలు, పండ్లు | 2,400 | 3,300 |
| పాలు, గుడ్లు, మాంసం | 3,650 | 3,950 |
| పెట్రోలు, గ్యాస్ | 3,240 | 3,490 |
| బడి, ఆటో | 4,500 | 4,800 |
| కరెంటు, ఫోన్లు, మందులు, బట్టలు | 3,400 | 3,400 |
| చీటీ, బండి వాయిదా | 6,600 | 6,600 |
| మొత్తం | 37,940 | 41,490 |

పెరిగింది 3,550. చీటీ, వాయిదా ధరలు కావు కాబట్టి వాటిని పక్కన పెడితే 31,340 మీద 3,550, అంటే నాలుగు నెలల్లో 11 శాతం పైచిలుకు. ఈ ఇంటి సొంత ద్రవ్యోల్బణం అది.

ఇప్పుడు జూన్‌లో వీళ్లు నిజంగా పెట్టిన ఖర్చు 42,700 అనుకోండి. దానికీ 41,490కీ మధ్య ఉన్న 1,210 రూపాయలు ధరల వల్ల వచ్చినవి కావు. బయట టిఫిన్లో, చుట్టాలో, వృథానో అయి ఉండాలి. ఈ రెంటినీ కలిపేస్తే ఇంట్లో తగవు తప్పదు. ఒకరు ‘అన్నీ పెరిగాయి’ అంటారు, ఇంకొకరు ‘నువ్వే ఎక్కువ పెడుతున్నావు’ అంటారు. ఇద్దరిదీ కొంత కొంత నిజమే. ఎవరిది ఎంత నిజమో ఈ తీసివేత చెబుతుంది.

పెట్రోలు వరుసను ఇంకోసారి చూడండి. లీటరు 108 నుంచి 116కు పెరిగినా 24 లీటర్లకు పడిన భారం 192 రూపాయలే. అంతకంటే పెద్ద దెబ్బ బడి ఆటో వరుసలో 300గా పడింది. ఇంధనం పెరిగినప్పుడు భారం పెట్రోలు పద్దులో కొంతే కనిపిస్తుంది. మిగతాది ఆటోలోనో, లారీ మీద వచ్చే సరుకులోనో కలిసిపోయి వస్తుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, దాని మీద లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఒక రూపాయి. శాతంలో వేసే పన్ను కాబట్టి పన్నుకు ముందు ధర 6 రూపాయలు పెరిగితే బంకులో దాదాపు 8 పెరుగుతుంది. తమిళనాడులో తక్కువని నగరి వైపు వాళ్లు సరిహద్దు దాటి పోయించుకోవడం తెలిసిందే. దారిలో పని ఉంటే మంచిదే. దానికోసమే రానూపోనూ 30 కిలోమీటర్లు వెళితే ముప్పావు లీటరు దాకా కాలిపోతుంది. లీటరుకు ఏడు రూపాయలు తక్కువనుకున్నా, ఎనిమిది లీటర్లకు మిగిలే 56 రూపాయలు ఆ పెట్రోలుకే చాలవు.

## పెరిగిన ధరల్లో ఏది నిలుస్తుంది, ఏది దిగుతుంది

3,550ని అలాగే కొత్త బేస్‌లో కలిపితే తప్పు, ఎందుకంటే అన్నీ ఒకే రకం పెరుగుదలలు కావు.

బాడుగ, బడి ఆటో ఒకసారి పెరిగాక వెనక్కి రావు. ఆ 1,300 పూర్తిగా బేస్‌లోకి పోవాల్సిందే. సరుకులు, పాలు, ఇంధనం జిగట బాపతు. ఎప్పుడైనా తగ్గినా కొంచెమే తగ్గుతాయి, అది కూడా ఆలస్యంగా. 2024 సెప్టెంబరులో ముడి వంటనూనెల దిగుమతి సుంకం 20 పాయింట్లు పెంచారు, 2025 మే చివర్లో అందులో సగం తగ్గించారు. అంగట్లో ప్యాకెట్ ధర పెరిగినంత వేగంగా దిగలేదని కొన్నవాళ్లకు తెలుసు. ఈ 1,350ని కూడా బేస్‌లో వేసుకోవడమే మేలు. తగ్గితే అప్పుడు మిగులు.

కూరగాయల సంగతి వేరు. టమాటా నాటిన రెండు నెలల తర్వాత కోతకు వస్తుంది. ధర ఎగబాకగానే రైతులు నాటుతారు, మూడు నెలల్లో పంట మార్కెట్‌ను ముంచెత్తుతుంది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో 150 దాటిన టమాటా, సెప్టెంబరు వచ్చేసరికి కోత కూలి కూడా గిట్టనంతగా పడిపోయింది. జులై ధర చూసి ఏడాది బడ్జెట్ వేసినవాళ్లూ, సెప్టెంబరు ధర చూసి వేసినవాళ్లూ ఇద్దరూ తప్పే.

కూరగాయలకు 12 నెలల సగటు వేసుకోవాలి. ఈ ఇంట్లో అది 2,750 అనుకుందాం. బేస్‌లో 2,750 రాసి, ఈ నెల పైన పడ్డ 550ని విడిగా ఉంచిన సొమ్ములోంచి తీయాలి. ధర పడి 2,000కే కూరలు వచ్చిన నెలలో మిగిలిన 750ని అక్కడికే తిరిగి వేయాలి. ఇలా చేస్తే కొత్త బేస్ 41,490 కాదు, 40,940. జీతంతో తేడా 2,940.

## బాడుగ తగ్గించుకోవడం అనుకున్నంత తేలిక కాదు

తేడా కనబడగానే ఎవరికైనా వచ్చే ఆలోచన చవక ఇంటికి మారడం. ఈ కుటుంబానికి రేణిగుంట దగ్గర అదే సైజు ఇల్లు 7,500కి దొరికిందనుకుందాం. నెలకు 2,000 మిగులు. ఆయన ఉద్యోగం కూడా అక్కడే కాబట్టి పైకి అన్నీ కలిసివచ్చినట్టే ఉంటుంది.

ఆయనకు రోజుకు 12 కిలోమీటర్లు తగ్గుతాయి. 25 రోజులకు 300 కిలోమీటర్లు, లీటరుకు 45 చొప్పున దాదాపు 770 రూపాయల పెట్రోలు ఆదా. ఆమెకు రోజుకు 14 కిలోమీటర్లు పెరుగుతాయి. స్కూటీ లీటరుకు 40 ఇస్తే 1,015 ఖర్చు. పిల్లల బడి తిరుపతిలోనే ఉంది కాబట్టి ఆటోకు 1,400 ఎక్కువ అడుగుతారు. అన్నీ తీసేస్తే నెలకు మిగిలేది 360 లోపే. ఇక మారడానికి సామాను బండి, బ్రోకరు, పాత అడ్వాన్సులో రంగులకని పట్టుకునేది కలిపి 8,500 అయితే, ఆ డబ్బు తిరిగి రావడానికి దాదాపు రెండేళ్లు. 11 నెలలకే కొత్త ఇంటి ఓనరు కూడా బాడుగ పెంచుతాడు.

ఇదే కుటుంబంలో ఆమె ఉద్యోగం కూడా రేణిగుంటలోనే ఉండి, పిల్లలు వచ్చే ఏడు అక్కడి బడికే మారేటట్టయితే లెక్క తలకిందులవుతుంది. నెలకు 2,770 పైనే మిగిలి, మారిన ఖర్చు మూడు, నాలుగు నెలల్లో తిరిగొస్తుంది. అందుకే బాడుగ, పెట్రోలు, బడి ఆటో మూడూ విడివిడి పద్దులైనా, ఇల్లు మారే విషయం వచ్చినప్పుడు ఒకే పద్దుగా కలిపి చూడాలి. కొత్త అడ్వాన్సు ఎక్కువైతే అది ఖర్చు కాదు కానీ చేతిలో ఆడని డబ్బు. దానికోసం అప్పు చేస్తే ఆ వడ్డీ మాత్రం నెల ఖర్చే.

## ప్యాకెట్ ధర చూస్తే మోసపోతాం

ఈ నెల ధరలు రాసుకునేటప్పుడు ఎక్కువ మంది తప్పేది ఇక్కడే. లీటరు నూనె బరువు 910 గ్రాములు. అదే సైజులో కనిపించే ప్యాకెట్ మీద ఇప్పుడు 850 గ్రాములో, 800 గ్రాములో రాసి ఉండొచ్చు. 910 గ్రాములు 150 రూపాయలున్నది, 850 గ్రాములు 145కి వస్తే ఐదు రూపాయలు తగ్గినట్టుంటుంది. కిలోకు లెక్కేస్తే 165 నుంచి 170 దాటింది. ఆ ప్యాకెట్ నెలాఖరుకు రెండు రోజుల ముందే అయిపోతుంది, ‘నూనె ఎక్కువ వాడుతున్నాం’ అనుకుంటారు.

బియ్యంలోనూ ఇలాంటిదే ఉంది. 2022 జులైలో 25 కిలోల వరకు ప్యాకింగ్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చాక 26 కిలోల బస్తాలు మొదలయ్యాయి. ఒక అంగట్లో 25, ఇంకో అంగట్లో 26 ఉంటే బస్తా ధరలను పోల్చకూడదు, కిలో ధరలనే పోల్చాలి. ప్యాకింగ్ సరుకుల మీద ఎమ్మార్పీ పక్కనే గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో వేయాలన్న నియమం ఉంది. చిన్న అక్షరాల్లో ఉంటుంది కానీ, లెక్కకు తీసుకోవాల్సింది ఆ అంకెనే.

## తక్కువ పడ్డ 2,940 ఎక్కడినుంచి వస్తుంది?

కోసి చూద్దాం. సరుకుల్లో బ్రాండు మార్చి, నెలకొకసారి హోల్‌సేల్ అంగట్లో కొంటే 700. ఫోన్ ప్లాన్లు, ఓటీటీల్లో 300. ఒకే వైపు పనులున్న రోజుల్లో ఒకే బండి తీస్తే పెట్రోలులో 300. మొత్తం 1,300. పిల్లల పాలలో, మందుల్లో చేయి పెట్టకుండా ఇంతకంటే పెద్దగా రాదు. ఇంకా 1,640 లోటు ఉంది.

ఇక్కడ రెండు వాదనలున్నాయి. పొదుపును ముట్టుకోకూడదు, ఒకసారి ఆగితే మళ్లీ మొదలుకాదు అన్నది ఒకటి. ఇంట్లో కదిలించగలిగిన పెద్ద పద్దు పొదుపే, దాన్ని అలాగే ఉంచి అప్పు తెచ్చి తినడంలో అర్థం లేదన్నది రెండోది. మొదటిదానిలో మనిషి స్వభావం గురించిన నిజం ఉంది, రెండోదానిలో లెక్క నిజం ఉంది. జీతంలో సగం అవసరాలకు, 30 శాతం కోరికలకు, 20 శాతం పొదుపుకు అనే సూత్రం ఈ తగువును తీర్చదు. ఈ ఇంట్లో అవసరాలే జీతాన్ని దాదాపు మింగేస్తున్నాయి.

ఈ కుటుంబం కడుతున్నది నెలకు 4,000 చొప్పున 25 నెలల లక్ష చీటీ, ఇంకా ఏడు నెలలుంది. మధ్యలో మానడానికి లేదు. ఏడు నెలలకు లోటు 11,480. ఇప్పుడే చీటీ పాట పాడి 8,000 వదులుకుని సొమ్ము తెచ్చుకోవచ్చు. లేదా నెలనెలా 1,640 చేబదులు తెచ్చి, చీటీ సొమ్ము రాగానే తీర్చవచ్చు. నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం అనుకున్నా, ఏడో నెల వాటా తెచ్చుకునేసరికి అయ్యే వడ్డీ 690 లోపే. బ్యాంకులో నగ పెట్టి తీసుకుంటే అందులో సగం కూడా కాదు. 11 వేల అవసరానికి లక్ష చీటీ పాడడం ఇక్కడ దండగ. ఎక్కువ వడ్డీ నడుస్తున్న పెద్ద అప్పు ఇప్పటికే ఉంటే మాత్రం పాట సొమ్ముతో అది తీర్చేయడం లాభం కావచ్చు.

చేబదులు సబబయ్యేది ముందు ఒక తేదీన సొమ్ము వచ్చేదుంటేనే. అది లేకుండా అదే లోటును ఏడాదిపాటు రెండు రూపాయల వడ్డీకి లాగితే దాదాపు 20,000 అసలు, దానికి నెలకు 390 వడ్డీ. బడ్జెట్‌లో కొత్త వరుస పుట్టినట్టే.

చీటీ తీరాక ఏం చేస్తారన్నదే నిజంగా కొత్త బేస్. మళ్లీ 4,000 చీటీ వేస్తే మళ్లీ అదే లోటు. 4,000లోంచి 1,640 పోతే 2,360 మిగులుతుంది కాబట్టి 2,000 చీటీ రాయాలి. జీతం పెరిగితేనే పాత అంకె.

## ఎన్నాళ్లకొకసారి తిరగరాయాలి?

ప్రతి పెరుగుదలకూ వెంటనే తిరగరాయాలనేవాళ్లు, లోటు దాచుకోకుండా బయటపడుతుందంటారు. ఆగి చూడాలనేవాళ్లు, మూడు నెలల్లో దిగిపోయే ధర కోసం పిల్లల ట్యూషన్ మాన్పించడం ఎందుకంటారు. పద్దును బట్టి రెండూ సరైనవే. బాడుగ పెరిగిన నెలలోనే తిరగరాయాలి, ఆగితే తెలిసేది కొత్తగా ఏమీ లేదు. సరుకులు, ఇంధనం పద్దుల్లో పాత పరిమాణాలకు కొత్త ధరలు వేస్తే వరుసగా మూడు నెలలు ఐదు శాతం దాటి తేడా వచ్చినప్పుడు మార్చాలి. కూరగాయల సగటును ఏడాదికొకసారి చూసుకుంటే చాలు.

పరిమాణాలను మాత్రం ధర పెరిగిందని మార్చకూడదు. ఇంట్లో మనిషి పెరిగినా తగ్గినా, ఉద్యోగం చోటు మారినా, బడి మారినా అవి మార్చాలి. అప్పుడు పాత కాగితాన్ని చెరపకుండా తేదీ వేసి కొత్తది మొదలుపెట్టాలి. లేకపోతే వచ్చే జూన్‌లో పోల్చడానికి ఏ బుట్టా మిగలదు.